గొంతు కల్చర్ రిపోర్టు ఏం చెబుతుంది?

పిల్లల డాక్టర్ల దగ్గర, చెవి ముక్కు గొంతు డాక్టర్ల దగ్గర రోజూ కనిపించే ముగ్గురు రోగులను ఒకే ఇంట్లో చేర్చి చూద్దాం. తొమ్మిదేళ్ల అమ్మాయికి నిన్న సాయంత్రం నుంచి 102 డిగ్రీల జ్వరం. గుటక వేయాలంటే ఏడుస్తోంది. దగ్గు లేదు, జలుబు లేదు. దవడ కింద రెండు వైపులా బిళ్లలు కట్టి, ముట్టుకుంటే నొప్పంటోంది. ఆమె తమ్ముడికి ఐదేళ్లు. వాడికీ గొంతు నొప్పే కానీ ముక్కు కారుతోంది, దగ్గుతున్నాడు, గొంతు బొంగురుపోయింది. ఇక నానమ్మ. షుగరు మనిషి. వారం క్రితం గొంతు నొప్పి వస్తే మందుల షాపులో అడిగి అజిత్రోమైసిన్ మూడు రోజులు వేసుకుంది. ఇంకా గరగర తగ్గలేదు.

ముగ్గురికీ గొంతులోంచి స్వాబ్ తీసి ల్యాబుకు పంపారు. మూడో రోజు సాయంత్రానికి మూడు కాగితాలు వచ్చాయి. అమ్మాయి రిపోర్టులో ‘గ్రూప్ ఎ బీటా హీమోలిటిక్ స్ట్రెప్టోకాకస్, హెవీ గ్రోత్’ అని ఉంది. తమ్ముడి కాగితం మీద ‘నార్మల్ త్రోట్ కామెన్సల్స్ గ్రోన్, నో పాథోజెన్ ఐసొలేటెడ్’ అని ఒక్కటే లైను. నానమ్మ రిపోర్టు అన్నిటికంటే పొడుగ్గా ఉంది: ‘మిక్స్‌డ్ గ్రోత్, క్లెబ్సియెల్లా న్యుమోనియే మోడరేట్ గ్రోత్’, దాని కింద పదిహేను యాంటీబయాటిక్స్ పేర్లు, ఒక్కొక్కదాని ఎదురుగా ‘ఎస్’ అనో ‘ఆర్’ అనో ఒక అక్షరం.

ఇంట్లో వాళ్లకు సహజంగానే పొడుగాటి రిపోర్టు చూసి భయం వేస్తుంది. నిజానికి ఈ మూడింటిలో మందు అవసరమని చెబుతున్నది మొదటి కాగితం ఒక్కటే. ఎందుకో తెలియాలంటే ముందు ల్యాబులో ఏం జరిగిందో చూడాలి.

గొంతు ఖాళీ ఇల్లు కాదు

రక్తంలోనో వెన్ను నీటిలోనో ఆరోగ్యంగా ఉన్న మనిషికి బ్యాక్టీరియా ఉండదు. అక్కడ ఏం పెరిగినా పట్టించుకోవాల్సిందే. గొంతు అలా కాదు. పుట్టిన కొద్ది రోజుల నుంచే అక్కడ రకరకాల బ్యాక్టీరియా స్థిరపడి, జీవితాంతం మనతోనే ఉంటుంది. విరిడాన్స్ స్ట్రెప్టోకాకై, హాని చేయని నైసీరియా రకాలు, డిఫ్తీరాయిడ్లు వీటిలో ముఖ్యమైనవి. వీటినే డాక్టర్లు కామెన్సల్స్ అంటారు, అంటే మన దగ్గరే ఉంటూ మన జోలికి రానివి. కాబట్టి గొంతు స్వాబ్‌ను ప్లేటు మీద పూస్తే ఏదో ఒకటి పెరగడం మామూలే.

అందుకే గొంతు కల్చర్‌లో ల్యాబు వాళ్లు ‘ఇక్కడ ఏమేం ఉన్నాయి’ అని వెతకరు. ప్రధానంగా ఒకే ప్రశ్న వేసుకుంటారు: గ్రూప్ ఎ స్ట్రెప్టోకాకస్ ఉందా, లేదా? దాని శాస్త్రీయ నామం స్ట్రెప్టోకాకస్ పయోజెనీస్. పిల్లల్లో వచ్చే గొంతు నొప్పుల్లో నూటికి ఇరవై నుంచి ముప్ఫై దాకా, పెద్దవాళ్లలో ఐదు నుంచి పదిహేను దాకా దీనివల్ల వస్తాయి. మిగతావాటిలో ఎక్కువ భాగం వైరస్‌ల పని. స్ట్రెప్ గొంతు నొప్పి మందు లేకపోయినా సాధారణంగా నాలుగైదు రోజుల్లో తగ్గిపోతుంది. భయమంతా ఆ తర్వాత రాగల రుమాటిక్ జ్వరం గురించే. గొంతు తగ్గిన రెండు మూడు వారాలకు కీళ్లు వాచి, గుండె కవాటాలు దెబ్బతినే జబ్బు అది. మన దేశంలో చిన్న వయసులోనే కవాటాల ఆపరేషన్ దాకా వెళ్తున్నవారిలో చాలామంది కథ ఇలాంటి గొంతు నొప్పితోనే మొదలైంది.

ఎర్రటి ప్లేటు మీద చిన్న చుక్కలు

స్వాబ్ తీయడంలోనే సగం ఫలితం తేలిపోతుంది. నాలుకను చెక్కపుల్లతో అదిమి, దూది పుల్లతో రెండు టాన్సిల్స్‌నీ, వాటి వెనకున్న గొంతు గోడనూ గట్టిగా రుద్దాలి. నాలుకకూ బుగ్గకూ తగలకూడదు. పిల్లాడు ఓకరిస్తే సరైన చోటే తగిలినట్టు. పిల్లాడు ఏడుస్తున్నాడని నోట్లోనే పుల్ల తిప్పి తీసేస్తే అందులో వచ్చేది ఉమ్మే. అలాంటి స్వాబ్‌లో స్ట్రెప్ దొరక్కపోతే అది గొంతులో లేదని అర్థం కాదు.

ల్యాబులో ఆ పుల్లను గొర్రె రక్తం ఐదు శాతం కలిపిన అగర్ ప్లేటు మీద పూస్తారు. ముదురు ఎరుపు రంగు జెల్లీలా ఉంటుంది అది. తీగ కొసతో పలుచగా గీసి, చివర్లో రెండు మూడు చోట్ల జెల్లీలోకి గుచ్చుతారు. స్ట్రెప్ విడుదల చేసే ఒక విషపదార్థం గాలి తగిలితే పనిచేయదు. గుచ్చిన చోట గాలి తక్కువగా ఉంటుంది కాబట్టి దాని ప్రభావం అక్కడ స్పష్టంగా తెలుస్తుంది. తర్వాత 35 నుంచి 37 డిగ్రీల వేడిలో ఒక రాత్రంతా ఉంచుతారు.

మర్నాడు ప్లేటును ట్యూబులైటుకు ఎదురుగా పట్టుకుని చూస్తారు. కామెన్సల్స్ పెరిగిన చోట బూడిద రంగు చుక్కలు, వాటి చుట్టూ పచ్చని ఛాయ కనిపిస్తాయి. గ్రూప్ ఎ స్ట్రెప్ కాలనీ అయితే గుండుసూది మొనంత చిన్నది. కానీ దాని చుట్టూ రక్తం పూర్తిగా కరిగిపోయి, ప్లేటు వెనక వేలు పెడితే కనిపించేంత తేటగా ఒక వలయం ఏర్పడుతుంది. బీటా హీమోలిసిస్ అంటే అదే. మొదటి రోజు అలాంటిది కనిపించకపోతే ప్లేటును మరో రోజు ఉంచి మళ్లీ చూడాలి, ఎందుకంటే కొన్ని కాలనీలు 48 గంటలకు గానీ బయటపడవు. గొర్రె రక్తం దొరకక మనుషుల రక్తంతో ప్లేట్లు చేసుకునే ల్యాబుల్లో వలయం సరిగా రాకపోవచ్చు. ఆ రక్తంలో స్ట్రెప్‌ను అణిచే పదార్థాలు ఉండే అవకాశం ఉంది.

వలయం ఉన్న ప్రతిదీ గ్రూప్ ఎ కాదు. అందుకే ఆ కాలనీని విడిగా పెంచి ఇంకో పరీక్ష చేస్తారు. బ్యాసిట్రాసిన్ బిళ్ల పెట్టి దాని చుట్టూ పెరుగుదల ఆగిందేమో చూడడం పాత పద్ధతి. కొద్ది నిమిషాల్లో ఎర్ర రంగు చూపే పీవైఆర్ పరీక్షతో ఇంకా నమ్మకంగా తెలుస్తుంది. ఎ, బి, సి, జి అంటూ గ్రూపులు విడదీసే పద్ధతిని 1933లో రెబెక్కా లాన్స్‌ఫీల్డ్ అనే అమెరికన్ శాస్త్రవేత్త రూపొందించారు. రిపోర్టులో గ్రూపు పేరు లేకుండా ‘బీటా హీమోలిటిక్ స్ట్రెప్టోకాకస్’ అని మాత్రమే ఉంటే, అది ఏ గ్రూపో ల్యాబును అడగడం సబబు. గ్రూప్ సి, జి రకాలు కూడా గొంతు నొప్పి తెస్తాయి కానీ రుమాటిక్ జ్వరం విషయంలో ప్రధాన దోషి ఎ గ్రూపే.

అమ్మాయి రిపోర్టు: పాజిటివ్

ఇప్పుడు అమ్మాయి కాగితానికి వద్దాం. స్ట్రెప్ గొంతు నొప్పి ఎక్కువగా వచ్చే వయసు ఐదు నుంచి పదిహేను. ఆమెకు తొమ్మిది. జ్వరం ఉంది, మెడ దగ్గర బిళ్లలు ఉన్నాయి, దగ్గు లేదు. కల్చర్‌లో గ్రూప్ ఎ వచ్చింది. లక్షణాలూ రిపోర్టూ ఒకే మాట చెబుతున్నాయి కాబట్టి మందు ఇవ్వాల్సిందే.

తల్లికి ఇక్కడ ఒక అనుమానం వస్తుంది. నానమ్మ రిపోర్టులో పదిహేను మందుల పట్టిక ఉంది, జబ్బు ఖాయమైన పిల్ల రిపోర్టులో అది లేదేమిటని. కారణం ఇది: పెన్సిలిన్ వాడకంలోకి వచ్చి ఎనభై ఏళ్లు దాటినా, దానికి లొంగని గ్రూప్ ఎ స్ట్రెప్ ఇంతవరకూ రోగుల్లో స్థిరపడలేదు. ఏ మందు పనిచేస్తుందో ముందే తెలుసు కాబట్టి పట్టిక అవసరం లేదు. పెన్సిలిన్ గానీ దాని చుట్టమైన అమాక్సిసిలిన్ గానీ పది రోజులు, లేదంటే బెంజథైన్ పెన్సిలిన్ ఒకే ఒక ఇంజెక్షన్. ఇదే మొదటి వరస వైద్యం. అమాక్సిసిలిన్‌కు క్లావులనేట్ కలిపిన ఖరీదైన మాత్రతో మామూలు స్ట్రెప్ గొంతు నొప్పిలో అదనపు లాభం లేదు. అజిత్రోమైసిన్ సంగతి వేరు. దానికి లొంగని స్ట్రెప్ చాలా చోట్ల ఉంది. పెన్సిలిన్ పడని వాళ్లకు ఆ మందు ఇవ్వాల్సి వస్తే అప్పుడు సెన్సిటివిటీ పరీక్ష అడగడంలో అర్థం ఉంది.

జ్వరం మూడో రోజుకే దిగిపోతుంది. పిల్ల ఆడుకుంటుంది. చాలా ఇళ్లలో మాత్రలు ఆగిపోయేది అక్కడే. పది రోజుల లెక్క జ్వరం కోసం పెట్టింది కాదు. గొంతులోంచి స్ట్రెప్‌ను పూర్తిగా వెళ్లగొట్టి రుమాటిక్ జ్వరాన్ని ఆపడం కోసం పెట్టింది. పెన్సిలిన్ ఆ పని చేయగలదని అమెరికాలో వ్యోమింగ్ రాష్ట్రంలోని వారెన్ వైమానిక స్థావరం సైనికుల మీద జరిగిన అధ్యయనం తేల్చింది. ఆ ఫలితాలు 1950లో అచ్చయ్యాయి. తర్వాత అక్కడే తేలిన ఇంకో విషయం తల్లిదండ్రులకు ఊరటనిస్తుంది: గొంతు నొప్పి మొదలైన తొమ్మిది రోజుల్లోపు మందు మొదలుపెట్టినా రుమాటిక్ జ్వరం నుంచి రక్షణ దొరుకుతుంది. అంటే కల్చర్ రిపోర్టు కోసం రెండు రోజులు ఆగితే మించిపోయేది ఏమీ లేదు.

ఇదే పాజిటివ్ రిపోర్టు తమ్ముడికి వచ్చి ఉంటే? ముక్కు కారుతూ, దగ్గుతూ, గొంతు బొంగురుపోయిన పిల్లాడి లక్షణాలు వైరస్‌ను సూచిస్తున్నాయి. బడి పిల్లల్లో నూటికి పది పదిహేను మంది గొంతులో ఏ జబ్బూ లేకుండానే గ్రూప్ ఎ స్ట్రెప్ ఉండవచ్చు. వీళ్లను క్యారియర్లంటారు. అలాంటి పిల్లాడికి జలుబు చేసినప్పుడు స్వాబ్ తీస్తే స్ట్రెప్ దొరుకుతుంది కానీ ఆ జలుబు తెచ్చింది అది కాదు. ల్యాబు ప్లేటు చూసి క్యారియర్‌ను, రోగిని విడదీయలేం. ‘హెవీ’, ‘స్కాంటీ’ అనే మాటలు కూడా ఆ తేడాను ఖాయంగా చెప్పలేవు. సరిగా రుద్దని స్వాబ్‌లో నిజమైన రోగికీ నాలుగు కాలనీలే రావచ్చు. అందుకే వైరస్ లక్షణాలు స్పష్టంగా ఉన్న పిల్లలకు అసలు స్వాబ్ తీయనక్కర్లేదని వైద్య మార్గదర్శకాలు చెబుతాయి. మందులు పూర్తయి పిల్ల బాగున్నాక ‘పోయిందో లేదో’ అని మళ్లీ కల్చర్ చేయించడం కూడా ఇంట్లో ఎవరికైనా రుమాటిక్ జ్వరం వచ్చిన చరిత్ర లాంటి ప్రత్యేక కారణం ఉంటేనే.

తమ్ముడి రిపోర్టు: నెగెటివ్

‘నార్మల్ కామెన్సల్స్ గ్రోన్’ అంటే మంచి వార్త. ప్లేటు మీద మామూలుగా ఉండాల్సినవే పెరిగాయి, అంటే స్వాబ్ గొంతుకు తగిలింది, ల్యాబులో ప్లేటు పనిచేసింది, వెతికినది మాత్రం దొరకలేదు. సరిగా తీసిన ఒక్క స్వాబ్‌తో చేసిన కల్చర్ నూటికి తొంభై దాకా స్ట్రెప్ రోగులను పట్టుకుంటుంది. తమ్ముడికి యాంటీబయాటిక్ అక్కర్లేదు. జ్వరానికి పారాసిటమాల్, గోరువెచ్చని నీళ్లు, ఉప్పు నీటి పుక్కిలింత, నాలుగు రోజుల ఓపిక చాలు.

దీనికి దగ్గరగా కనిపించినా పూర్తిగా వేరే అర్థం ఉన్న మాట ఒకటుంది: ‘నో గ్రోత్’. మూత్రం కల్చర్‌లో అయితే ఆ మాట చూసి ఊపిరి పీల్చుకోవచ్చు. గొంతు ఖాళీగా ఉండని చోటు కాబట్టి అక్కడ ఏమీ పెరగకపోవడం అనుమానించాల్సిన విషయం. రోగి అప్పటికే యాంటీబయాటిక్ వేసుకుని ఉండాలి, లేదా స్వాబ్ సరైన చోట తగిలి ఉండదు, లేదా ల్యాబుకు చేరేలోపు ఎండిపోయి ఉండాలి. ఒకటి రెండు మోతాదుల అమాక్సిసిలిన్ కూడా స్ట్రెప్‌ను ప్లేటు మీద కనిపించకుండా చేయగలదు. అలాంటి రిపోర్టును ‘స్ట్రెప్ లేదు’ అని చదవకూడదు. డాక్టరు లక్షణాలను బట్టి నిర్ణయం తీసుకోవాలి.

నెగెటివ్ రిపోర్టుకు ఇంకో హద్దు ఉంది. ఈ ప్లేటు వెతికే వస్తువు ఒక్కటే. డిఫ్తీరియా బ్యాక్టీరియాను దీని మీద చూసి గుర్తుపట్టడం కష్టం. దానికి టెల్యురైట్ కలిపిన ప్రత్యేకమైన ప్లేటు కావాలి, డాక్టరు ఆ మాట ల్యాబుకు ముందే రాయాలి. ఇది పాతకాలపు జబ్బనుకోవడానికి లేదు. హైదరాబాద్ నల్లకుంటలోని ఫీవర్ ఆసుపత్రికి డిఫ్తీరియా కేసులు ఇటీవలి ఏళ్లలోనూ వచ్చాయి. టాన్సిల్స్ మీద బూడిద రంగు పొర అంటుకుపోయి, కదిపితే రక్తం కారుతుంటే, మెడ లావుగా వాచిపోతే మామూలు కల్చర్ నెగెటివ్ అని ఇంట్లో కూర్చోకూడదు. అక్కడ ఏ రిపోర్టు కోసమూ ఆగకుండా విషానికి విరుగుడు మందు మొదలుపెడతారు. అలాగే నోరు తెరవలేకపోయినా, ఉమ్మి మింగలేక చొంగ కారుతున్నా, ఊపిరి కష్టమైనా వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.

నానమ్మ రిపోర్టు: మిక్స్‌డ్ గ్రోత్

మిగిలింది అందర్నీ కంగారు పెట్టిన కాగితం. మిక్స్‌డ్ గ్రోత్ అంటే ప్లేటు మీద రెండు మూడు రకాల బ్యాక్టీరియా కలిసి పెరిగింది, ఏ ఒక్కటీ రోగానికి కారణమని వేలెత్తి చూపేలా లేదు అని. గొంతు విషయంలో ఇది చాలాసార్లు ‘నార్మల్ కామెన్సల్స్’ అనే మాటకే ఇంకో రూపం. ఆ మిశ్రమంలో గ్రూప్ ఎ స్ట్రెప్ పేరు ఉందా లేదా అన్నదే చూడాలి. ఉంటే అది పాజిటివ్. చుట్టూ ఎన్ని రకాలు పెరిగినా సరే. లేకపోతే స్ట్రెప్ వరకు నెగెటివ్.

మరి క్లెబ్సియెల్లా? ఇది పేగుల్లో ఉండే బ్యాక్టీరియా. పెద్ద వయసు, షుగరు, ఆసుపత్రిలో ఉండి రావడం, అన్నిటికంటే ముఖ్యంగా యాంటీబయాటిక్ వాడకం, ఇవన్నీ అది గొంతులో చేరడానికి దారి చేస్తాయి. నానమ్మ వేసుకున్న మూడు రోజుల అజిత్రోమైసిన్ గొంతులోని మామూలు బ్యాక్టీరియాను అణగదొక్కింది. ఖాళీ అయిన చోటులోకి క్లెబ్సియెల్లా వచ్చి చేరింది. వచ్చి చేరడం వేరు, జబ్బు చేయడం వేరు. గొంతు నొప్పి తెచ్చే బ్యాక్టీరియాల జాబితాలో క్లెబ్సియెల్లా మామూలుగా ఉండదు. స్టెఫిలోకాకస్ ఆరియస్, ఈ కోలై, సూడోమోనాస్ గొంతు స్వాబ్‌లో వచ్చినప్పుడూ ఎక్కువసార్లు వర్తించేది ఇదే.

ఆ కాగితం పట్టుకుని కొడుకు డాక్టరు ముందు కూర్చున్నాడు అనుకుందాం.

“ఏ మందులు పనిచేస్తాయో ఇందులో రాసే ఉంది కదండీ. ఒకటి రాసిస్తే అమ్మకు తగ్గిపోతుంది కదా?”

“పనిచేస్తుందని రాసింది ఆ క్రిమి మీద. మీ అమ్మగారి గొంతు నొప్పికి కారణం ఆ క్రిమి అని ఎక్కడా రాయలేదండీ.”

ఆ పదిహేను మందుల పట్టిక వల్ల జరిగే నష్టం ఇక్కడే. పేరూ పట్టికా కనిపిస్తే వైద్యం చేయకుండా ఉండడం రోగికీ కష్టమే, డాక్టరుకూ కష్టమే. ‘ఎస్’ అని ఉన్న ఇంజెక్షన్ ఒకటి వారం పాటు నడుస్తుంది. క్లెబ్సియెల్లా పోయిన చోట ఇంకా మొండి రకం వచ్చి చేరుతుంది. నానమ్మకు రేపు నిజంగా మూత్రంలోనో ఊపిరితిత్తుల్లోనో ఇన్ఫెక్షన్ వస్తే అప్పటికి పనిచేసే మందులు తగ్గిపోయి ఉంటాయి. నానమ్మ విషయంలో డాక్టరు చేయాల్సింది గొంతును మళ్లీ చూడడం. నాలుక మీద, అంగిట్లో పెరుగులాంటి తెల్ల మచ్చలుంటే షుగరు, యాంటీబయాటిక్ కలిసి తెచ్చిన క్యాండిడా ఫంగస్ అయి ఉండవచ్చు. దానికి వేరే మందుంది. రాత్రి పడుకున్నాక పుల్లటి తేన్పులతో గొంతు మండుతుంటే కడుపులో ఆమ్లం సంగతి చూడాలి. మూడు వారాలు దాటినా గొంతు నొప్పి తగ్గకపోయినా, గొంతు ఒకవైపే నొప్పి పెడుతున్నా, పొగాకు అలవాటు ఉన్నా గొంతు డాక్టరు అద్దంతో లోపల చూడాల్సిందే. వీటిలో ఏదీ మామూలు గొంతు కల్చర్ రిపోర్టు తేల్చేది కాదు.

మూడు కాగితాల ఫలితం చివరికి ఇలా తేలింది. అమ్మాయికి పది రోజుల అమాక్సిసిలిన్, తమ్ముడికి యాంటీబయాటిక్ లేదు, నానమ్మకు ఉన్న యాంటీబయాటిక్ కూడా ఆపి షుగరు, నోరు పరీక్ష. ఈ నిర్ణయాలు ప్లేటు ఒక్కటే చూసి తీసుకున్నవి కావు. వయసు, దగ్గు ఉందా లేదా, ముందు ఏ మాత్ర వేసుకున్నారు అనే సమాచారం పక్కన పెట్టి చూసినప్పుడే అవి కుదిరాయి. ల్యాబులో ప్లేటు చూసే మనిషికి ఆ సమాచారం అందదు. అందుకే స్వాబ్ తీయించుకునే రోజు నాలుగు సంగతులు ఫారం మీద రాయించండి: రోగి వయసు, నొప్పి ఎన్నో రోజు, జ్వరం దగ్గు ఉన్నాయో లేదో, గత రెండు వారాల్లో వేసుకున్న యాంటీబయాటిక్ పేరు. మందుల షాపులో కొన్న మాత్రల అట్ట ఇంట్లో ఉంటే దాన్ని కూడా వెంట తీసుకెళ్లండి.